బజారు వీధి: గోడల లెక్క, నేల లెక్క

రద్దీ బజారు వీధి గురించి చర్చ ఎక్కడ మొదలైనా చాలాసార్లు ఒకేచోట తేలుతుంది. జనం పట్టడం లేదు, అంటే వీధి ఇరుకు, అంటే రెండు వైపులా భవనాల ముందుభాగం కొట్టేసి వెడల్పు చేయాలి. వినడానికి సూటిగానే ఉంటుంది. కానీ ఆ మూడు మాటల్లో రెండు వేర్వేరు కొలతలు కలిసిపోయాయి. ఒకటి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్న వెడల్పుకీ, ఆ గోడల ఎత్తుకీ మధ్య నిష్పత్తి. వీధిలో నిలబడ్డ మనిషికి అది గదిలా అనిపిస్తుందా, మైదానంలా అనిపిస్తుందా, బావిలా అనిపిస్తుందా అన్నది దీన్నిబట్టి ఉంటుంది. రెండోది, షాపు గుమ్మానికీ ఫుట్‌పాత్ అంచుకీ మధ్య నిజంగా నడవడానికి మిగిలిన చోటు. సంచి పట్టుకున్న మనిషి ఎదురొచ్చేవాళ్లకు తగలకుండా వెళ్లగలరా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది.

మొదటి లెక్క బాగానే ఉండి రెండోది పూర్తిగా పాడైపోయిన వీధులు చాలా ఉంటాయి. అలాంటి వీధిని వెడల్పు చేస్తే, బాగున్నది పాడవుతుంది, పాడైంది అలాగే ఉంటుంది. అది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ తీసుకుని అంకెలతో చూద్దాం.

ఉదాహరణ వీధి ఇది. గోడ నుంచి గోడకు 15 మీటర్లు. రెండు వైపులా కింద షాపు, పైన రెండంతస్తులు. అంతస్తుకు మూడున్నర మీటర్ల చొప్పున, పిట్టగోడతో కలిపి ఎత్తు సుమారు 11 మీటర్లు. రెండు పక్కలా రెండున్నర మీటర్ల ఫుట్‌పాత్, మధ్యలో 10 మీటర్ల రోడ్డు. ఆ రోడ్డులో అటూ ఇటూ రెండేసి మీటర్లు పార్క్ చేసిన బండ్లకే పోతుంది. బండ్లు వెళ్లడానికి మిగిలేది మూడేసి మీటర్ల రెండు వరసలు. సాయంత్రం అయ్యేసరికి జనం రోడ్డు మీదే నడుస్తుంటారు, వెనక నుంచి హారన్లు మోగుతుంటాయి.

గోడల లెక్క

మన వీధిలో 15ని 11తో భాగిస్తే 1.36 వస్తుంది. ఇది ఎక్కువా, తక్కువా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు కంటి దగ్గర మొదలుపెట్టారు. 1877లో హెర్మన్ మేర్టెన్స్ అనే జర్మన్ ఆర్కిటెక్ట్ తల ఎంత ఎత్తితే భవనం ఎలా కనిపిస్తుందో కోణాల్లో చెప్పాడు. భవనం ఎత్తెంతో అంతే దూరంలో నిలబడితే దాని పైఅంచు 45 డిగ్రీల కోణంలో ఉంటుంది. అక్కడి నుంచి గోడ మీది వివరాలు కనిపిస్తాయి కానీ భవనం మొత్తం ఒక్క చూపులో ఇమడదు. రెండింతల దూరంలో, అంటే 27 డిగ్రీల దగ్గర, మొత్తం భవనం చూపులో పడుతుంది. మూడింతలకు వెళ్తే, 18 డిగ్రీల దగ్గర, భవనం దాని చుట్టుపక్కలతో కలిసిపోయి వెనక్కి జరుగుతుంది. తర్వాత 1889లో వియన్నాకు చెందిన కామిలో జిట్టె కూడళ్ల గురించి రాస్తూ, కూడలి కొలత ముఖ్య భవనం ఎత్తుకన్నా తగ్గకూడదనీ, దానికి రెండింతలు దాటకూడదనీ అన్నాడు. ఆయన చెప్పింది వీధుల గురించి కాదు, కానీ ఒకటి నుంచి రెండు అన్న హద్దు వీధులకు కూడా అతుక్కుపోయింది.

వీధుల మీద నేరుగా పని చేసినవాళ్లలో జపాన్ ఆర్కిటెక్ట్ యోషినోబు అషిహారా ఒకరు. ఆయన లెక్కలో 1 అనేది మలుపు. అంతకు తగ్గేకొద్దీ గోడలు దగ్గరికి జరిగినట్టు ఉంటుంది. పెరిగేకొద్దీ ఎడం అనిపిస్తుంది. అమెరికన్ ప్లానర్ ఆలన్ జేకబ్స్ ప్రపంచంలోని పేరున్న వీధుల్ని కొలిచి 1993లో పుస్తకంగా తెచ్చినప్పుడు, వాటిలో ఎక్కువ భాగం 1.1కీ 2.5కీ మధ్య తేలాయి.

కాబట్టి మన వీధి 1.36 దగ్గర హాయిగా కూర్చుంది. ఒక షాపు గోడకు ఆనుకుని నిలబడి ఎదురు వరస చూస్తే పిట్టగోడ సుమారు 32 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. తల కాస్త ఎత్తితే చాలు, మొత్తం కనిపిస్తుంది. అవతలి షాపులో ఏముందో పోల్చుకోవచ్చు, తెలిసిన మొహం కనబడితే పిలవొచ్చు. బజారుకు ఇది చాలా అవసరం, ఎందుకంటే బజారంటే రెండు వరసల షాపులు కాదు, ఒకదాన్నొకటి చూసుకునే ఒకే షాపుల గుంపు. ఇక్కడ నిలబడ్డ మనిషి అక్కడి వస్తువు చూసి రోడ్డు దాటాలి.

ఇక్కడో మాట. నిష్పత్తి మంచిదన్నంత మాత్రాన అది సర్వరోగ నివారిణి కాదు, తక్కువైనంత మాత్రాన చెడ్డదీ కాదు. వెనిస్‌లో చాలా సందులు చూస్తే వెడల్పు భవనం ఎత్తులో సగం కూడా ఉండదు. పుస్తకం లెక్కన అవి బావులు. అయినా అక్కడ షాపుల ముందు జనం హాయిగానే తిరుగుతారు. కారణం ఒక్కటే: ఆ సందుల్లో బండ్లు లేవు, సందు మొత్తం ఫుట్‌పాతే. అదే సందులో ఒక్క వరస బండ్లు వదిలితే బతుకు దుర్భరం అవుతుంది. నిష్పత్తి మారదు, నేల చేతులు మారుతుంది.

కొలిచేటప్పుడు జరిగే పొరపాటు కూడా చెప్పుకోవాలి. ప్లాన్ కాగితం మీద ఉన్న వెడల్పు వేరు, కంటికి తెలిసే వెడల్పు వేరు. భవనం గోడ గీసే రూపురేఖను అషిహారా మొదటి గీత అన్నాడు. దాని మీంచి ముందుకు పొడుచుకొచ్చే బోర్డులు, బ్యానర్లు గీసేది రెండో గీత. బజారులో మనిషి కళ్లకు ఎక్కువగా కనిపించేది రెండోదే. మన వీధిలో రెండు వైపులా మీటరేసి బోర్డులు బయటికి వచ్చాయనుకుంటే, కంటికి వీధి 13 మీటర్లే, నిష్పత్తి 1.18కి పడిపోతుంది. వరసగా నడిచేవాడికి ఏటవాలుగా చూసినప్పుడు బోర్డు వెనక బోర్డు కలిసి గోడ పూర్తిగా మాయమవుతుంది. "ఈ వీధి ఊపిరాడనివ్వదు" అని జనం అంటున్నప్పుడు నిజంగా ఇబ్బంది పెడుతున్నది 11 మీటర్ల భవనమా, మూడు మీటర్ల ఎత్తున వేలాడే బోర్డులా అని ముందు చూడాలి. బోర్డుల్ని గోడకు అతికించినట్టు పెట్టమనడం భవనాలు కొట్టేయడం కన్నా ఎంతో తేలిక.

గాలి సంగతి మాత్రం అంత తేలిక కాదు. వాతావరణ శాస్త్రవేత్త టిమ్ ఓక్ 1988లో వీధుల్లో గాలి ఎలా కదులుతుందో వివరించాడు. భవనం ఎత్తు వీధి వెడల్పులో సుమారు 0.65, 0.7 వంతు దాటితే, వీధికి అడ్డంగా వీచే గాలి కిందికి దిగదు. పైకప్పుల మీదుగా జారిపోతుంది. లోపల ఉన్న గాలి అక్కడక్కడే సుడి తిరుగుతుంది. మన వీధిలో 11ని 15తో భాగిస్తే 0.73. అంటే కంటికి హాయిగా ఉన్న ఇదే వీధి, బండ్ల పొగ విషయంలో సరిగ్గా గీత దాటింది. పైగా ఆ సుడి నేల మట్టంలో పొగను గాలి వచ్చే వైపు ఉన్న వరస కిందికి తోస్తుంది, కాబట్టి ఒక పక్క ఫుట్‌పాత్ మీద పొగ ఎక్కువ, ఎదుటి పక్క తక్కువ. గాలి ఎటు తిరిగితే అటు ఇది మారుతుంది. కంటికి నచ్చే నిష్పత్తికీ, పొగ పోయే నిష్పత్తికీ పొత్తు కుదరదన్నమాట. వీధిని విప్పి పొగ పోనివ్వాలా, పొగ పుట్టకుండా బండ్లు తగ్గించాలా అన్నప్పుడు బజారు వీధిలో రెండోదే నయం. ఎందుకో వెడల్పు లెక్క దగ్గర చూద్దాం.

నేల లెక్క

ఇప్పుడు తల దించి కిందికి చూద్దాం. ఫుట్‌పాత్ రెండున్నర మీటర్లు ఉందని చెప్పుకున్నాం. కానీ రెండున్నర మీటర్లలో ఎవరూ నడవరు.

మనిషి గోడను రాసుకుంటూ నడవడు. కొంచెం ఎడంగా ఉంటాడు. అమెరికన్ హైవే కెపాసిటీ మాన్యువల్ ఈ ఎడాన్ని కూడా లెక్క కట్టింది: మామూలు గోడ పక్కనైతే సుమారు 60 సెంటీమీటర్లు, షాపు అద్దం పక్కనైతే సుమారు 90, రోడ్డు వైపు అంచు దగ్గర సుమారు 45. అద్దం దగ్గర ఎక్కువ ఎందుకంటే అక్కడ ఆగి చూసేవాళ్లు ఉంటారు, వాళ్లను తప్పించుకుని నడవాలి. మన వీధిలో షాపులన్నీ రోడ్డు వైపు సరుకు చూపించేవే కనుక 90 తీసేయాలి. అంచు వైపు కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ, చెత్తడబ్బా, నిలబెట్టిన బోర్డు కలిసి దాదాపు 80 సెంటీమీటర్ల పట్టీ ఆక్రమించాయనుకుందాం. మిగిలింది 80 సెంటీమీటర్లు.

ఈ 80 సెంటీమీటర్లు ఎంతో ఊహించుకోవాలంటే, సంచి పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి చాలు. జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు నడిచేవాళ్ల మీద చేసిన పనిలో నిలబడ్డ మనిషికి 46 సెంటీమీటర్ల మందం, 61 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కోడిగుడ్డు ఆకారం కేటాయించాడు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాలి, లేదా దిగాలి. చక్రాల కుర్చీ ఒక్కటే వస్తే ఎలాగో ఇరుక్కుని పోతుంది, ఎదురుగా ఎవరూ రాకపోతే. షాపతను సరుకును అర మీటరు బయటికి జరిపాడంటే ఆగి చూసేవాళ్ల వరస కూడా అంతే బయటికి జరుగుతుంది. నడవడానికి మిగిలేది 30 సెంటీమీటర్లు. ఫుట్‌పాత్ ఉన్నట్టే ఉంటుంది, ప్లాన్‌లో ఉంటుంది, టైల్స్ కూడా ఉంటాయి. కానీ అది నడిచే చోటు కాదు, షాపుకు వసారా.

అందుకే జనం రోడ్డు మీదికి దిగుతారు. వాళ్లకు క్రమశిక్షణ లేదని విసుక్కునేవాళ్లు ఒక్కసారి టేపు పట్టుకుని చూస్తే బాగుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎంత కావాలి? దానికి మనుషుల్ని లెక్కపెట్టాలి. సాయంత్రం రద్దీలో ఒక గీత గీసుకుని, పావుగంట సేపు ఒక పక్కన ఆ గీత దాటిన వాళ్లందరినీ లెక్కపెట్టాలి. 480 మంది వచ్చారనుకుందాం; నిమిషానికి 32. ఇందులో పెద్ద ఉచ్చు ఒకటి ఉంది. ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లను మాత్రమే లెక్కపెడితే నిమిషానికి 12 మందే తేలొచ్చు, మిగతా ఇరవై మంది రోడ్డు అంచున నడుస్తున్నారు కదా. "ఫుట్‌పాత్ ఖాళీగానే ఉంది, వాడటం లేదు" అని రిపోర్టు రాసేస్తారు. రోడ్డు అంచు వెంట నడిచేవాళ్లు కూడా ఆ పక్క ఫుట్‌పాత్ లెక్కలోకే రావాలి.

32 మందికి ఎంత వెడల్పు? ఇక్కడ రెండు జవాబులున్నాయి, రెండింటి మధ్యా నాలుగు రెట్ల తేడా ఉంది. ఫ్రూయిన్ 1971లో ఇచ్చిన పట్టికలో మధ్యస్థమైన 'సి' గ్రేడుకు మీటరు వెడల్పులో నిమిషానికి 33 నుంచి 49 మంది దాకా పోవచ్చు. దాని ప్రకారం 32 మందికి 65 సెంటీమీటర్లు చాలు. అంటే మన 80 సెంటీమీటర్ల ఫుట్‌పాత్ కాగితం మీద పాసైపోయింది! రోడ్డు మీద జనం హారన్లు తింటూ నడుస్తుంటే, పట్టిక మాత్రం పరవాలేదంటుంది. రెండో జవాబు డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గేల్‌ది. ఆయన కోపెన్‌హాగెన్‌లోని స్ట్రోయెట్‌ను గమనించాడు. 1962లో బండ్లు ఆపేసిన ఆ షాపింగ్ వీధి వెడల్పు పది పదకొండు మీటర్లు. రెండు దిక్కులా జనం నడుస్తున్నప్పుడు మీటరు వెడల్పులో నిమిషానికి 10 నుంచి 15 మంది దాటితే, మనుషులు తమ ఇష్టం వచ్చినట్టు నడవడం మానేసి రెండు వరసలుగా ఏర్పడతారని చెప్పాడు. 13 అనుకుంటే 32 మందికి రెండున్నర మీటర్లు కావాలి.

ఏది నిజం? రెండూ నిజమే, వేర్వేరు మనుషులకు. ఫ్రూయిన్ అంకెలు స్టేషన్ నడవా లాంటి చోట్లకు బాగా అతుకుతాయి; అక్కడ అందరూ ఎక్కడికో పోతుంటారు, ఒకే వేగంతో. బజారులో ఎవరూ ఒకే వేగంతో పోరు. ఒకరు ఆగుతారు, ఒకరు వెనక్కి తిరుగుతారు, పిల్లాడు చేయి వదిలించుకుంటాడు. న్యూయార్క్ వీధుల్ని కెమెరాతో ఏళ్ల తరబడి గమనించిన విలియం వైట్ ఒక వింత చూశాడు: మాట్లాడుకోవడానికి ఆగినవాళ్లు పక్కకు తప్పుకోరు, సరిగ్గా జనం నడిచే దారి మధ్యలోనే నిలబడతారు. బజారు ఫుట్‌పాత్ లెక్క వేసేటప్పుడు ఈ నిలబడేవాళ్లకు కూడా చోటు ఉండాలి. పైగా 'మీటరుకు ఇంతమంది' అన్న మాటకు అర్థం ఉండాలంటే కనీసం ఇద్దరు పక్కపక్కన పట్టే వెడల్పు ఉండాలి. 80 సెంటీమీటర్ల చోట ఆ భాగహారమే తప్పు.

కాబట్టి మన వీధికి కావాల్సింది: నడవడానికి 2.5, షాపు ముందు ఆగేవాళ్లకు 0.9, స్తంభాల పట్టీకి 0.8. మొత్తం 4.2 మీటర్లు, రెండు పక్కలా కలిపి 8.4. పదిహేనులోంచి తీసేస్తే రోడ్డుకు 6.6 మిగులుతుంది. అంటే 3.3 చొప్పున రెండు వరసలు. ఇప్పుడు బండ్లు కదలడానికి ఉన్నవీ రెండు వరసలే, అవి కూడా మూడు మీటర్లవి. పోయేది పార్కింగ్ మాత్రమే. గోడ ఒక్కటి కూడా కదలలేదు, నిష్పత్తి 1.36 అలాగే ఉంది.

వెడల్పు చేస్తే

పోల్చి చూడటానికి మామూలుగా జరిగేది కూడా లెక్క వేద్దాం. రెండు వైపులా షాపుల ముందు రెండున్నర మీటర్లు కొట్టేసి వీధిని 20 మీటర్లు చేశారు. భవనాల ఎత్తు అంతే, కాబట్టి నిష్పత్తి 1.82. ఇది ఇంకా మంచి హద్దుల్లోనే ఉంది. ఇరవై మీటర్లు దానంతట అదే ఘోరమేమీ కాదు. ఓక్ లెక్కలో కూడా 11 బై 20 అంటే 0.55, గాలి కొంచెం దిగుతుంది. ఇంతవరకు లాభమే. నష్టం నేల మీద ఉంది. విస్తరణ కోసం వచ్చిన ఐదు మీటర్లు ఎవరికి పోతాయి? రోడ్డు కోసం తీసుకున్న చోటు కనుక రోడ్డుకే పోతుంది. మధ్యలో 15 మీటర్ల రోడ్డు, పక్కన పాత రెండున్నర మీటర్ల ఫుట్‌పాత్, దాంట్లో పాత 80 సెంటీమీటర్ల దారి.

ఇప్పుడు దాటడం చూడండి. మామూలు నడకలో సెకనుకు సుమారు 1.2 మీటర్లు సాగుతాం. పాత పది మీటర్ల రోడ్డు దాటడానికి ఎనిమిది సెకన్ల పైచిలుకు. పదిహేను మీటర్లకు పన్నెండున్నర సెకన్లు. కానీ 6.6 మీటర్లకైతే ఐదున్నర సెకన్లే. ఐదున్నర సెకన్ల సందు బండ్ల మధ్య తరచూ దొరుకుతుంది, పన్నెండున్నర సెకన్ల సందు అరుదుగా దొరుకుతుంది. దొరక్కపోతే నడిచేవాళ్లు మధ్యలో ఆగాలి, అందుకని డివైడర్ కడతారు, డివైడర్ ఉంటే ఎక్కడపడితే అక్కడ దాటకూడదని గ్రిల్ పెడతారు. ఎదురు షాపు అప్పుడు ఎదురు షాపు కాదు, వేరే వీధిలో షాపు. ఒక బజారు రెండు సగం బజార్లయింది.

ఇంకో మలుపు కూడా ఉంది. ముందుభాగం పోగొట్టుకున్న యజమాని పైకి కట్టుకుంటానంటాడు, అది సహజం. ఐదంతస్తులయితే పిట్టగోడతో 18 మీటర్లు. 20 బై 18 అంటే 1.11. నిష్పత్తి తిరిగి మొదటికి, ఇంకా కిందికి వచ్చేసింది. ఇప్పుడు పైన మరో రెండంతస్తుల మనుషులు, వాళ్ల బండ్లు అదే 80 సెంటీమీటర్ల మీదికి దిగుతారు. గాలి విషయంలో వచ్చిన లాభం కూడా పోయింది. వెడల్పు పెంచడంతో పాటు ఎత్తు ఎంతకు ఆపాలో అప్పుడే రాసిపెట్టని విస్తరణ దాదాపు ఎప్పుడూ ఇక్కడికే చేరుతుంది.

ఎండ, సరుకు బండి

4.2 మీటర్ల ఫుట్‌పాత్ వేసేస్తే పని అయిపోయినట్టు కాదు. ఎండ ఉంది. వీధి ఉత్తర దక్షిణాలుగా ఉందనుకుందాం. మధ్యాహ్నం తర్వాత పడమటి సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో, వీధికి అడ్డంగా ఉన్నప్పుడు 11 మీటర్ల భవనం నీడ 11 మీటర్లు పడుతుంది. పదిహేను మీటర్ల వీధిలో అది పడమటి ఫుట్‌పాత్‌నీ, రోడ్డునీ కప్పి, తూర్పు ఫుట్‌పాత్ అంచు దగ్గర సరిగ్గా ఆగిపోతుంది. రోడ్డు మీద నీడ, నడిచేవాళ్ల మీద ఎండ. ఆ సమయంలో తూర్పు వరస షాపుల బేరాలు ఎందుకు పలచబడతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి రేకుల చూరు దించుతారు. మూడు మీటర్ల ఎత్తున, రెండు మీటర్లు ముందుకు. చూడటానికి నీడే, కానీ 45 డిగ్రీల ఎండ ఆ చూరు కిందుగా దూరి మూడు మీటర్లు లోపలికి వస్తుంది, అంటే నేల మీద అసలు నీడే పడదు. ఆ నీడంతా షాపు గోడ మీద పడుతుంది. గోడకు అర మీటరు దగ్గరగా నిలబడితేనే తలకైనా నీడ అందుతుంది. సూర్యుడు 56 డిగ్రీల పైన ఉన్నప్పుడే ఆ చూరు నేల మీద నీడ వేయడం మొదలుపెడుతుంది, అంటే నడినెత్తి ఎండకు పనికొస్తుంది, సాయంత్రపు ఎండకు పనికిరాదు. సాయంత్రపు ఎండకు కావలసింది ఫుట్‌పాత్ రోడ్డు వైపు అంచున ఏదో ఒకటి నిలబడటం. స్తంభాల పట్టీలో చెట్లు పెడితే ఆ పని అవుతుంది. చెట్లు ఇంకో పని కూడా చేస్తాయి: ఫుట్‌పాత్‌కు రోడ్డు వైపు ఒక పలచని గోడ కట్టినట్టు అవుతుంది, 15 మీటర్ల గదిలో 4 మీటర్ల చిన్న గది ఏర్పడుతుంది. నడిచేవాళ్లకు అప్పుడు పెద్ద నిష్పత్తి కన్నా ఈ చిన్న గదే ఎక్కువ తెలుస్తుంది. అయితే వేళ్లకు చోటు, పైన తీగలు తగలని ఎత్తు రెండూ ముందే చూసుకోవాలి.

ఇక ఈ పథకానికి అడ్డం తిరిగేది సరుకు బండి. పార్కింగ్ తీసేస్తే సరుకు ఎక్కడ దించాలి? 6.6 మీటర్ల రోడ్డులో లారీ ఆగితే ఒక వరస మూతబడినట్టే. వెంటనే వచ్చే సలహా, ఫుట్‌పాత్‌ను రెండు మీటర్లు కోసి బండి ఆగే గూడు పెట్టమని. లెక్క చూడండి: 4.2లో రెండు పోతే 2.2, షాపు ముందు 0.9, అంచు ఎడం 0.45 తీస్తే 0.85. సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వచ్చాం. వంద మీటర్లకు రెండు గూళ్లున్నా చాలు, నడక ధార ఆ రెండు చోట్లా రోడ్డు మీదికి పొర్లుతుంది, ఎందుకంటే ఫుట్‌పాత్ సామర్థ్యం దాని సగటు వెడల్పును బట్టి ఉండదు, దాని అతి ఇరుకు చోటును బట్టి ఉంటుంది. గూడు తప్పనిసరైతే ఫుట్‌పాత్ మట్టంలోనే, అదే రాతితో వేయాలి. షాపులు తెరవకముందు బండ్లు ఎక్కుతాయి, ఆ తర్వాత గంటల్లో మనుషులు నడుస్తారు. పక్క సందుల మూలల దగ్గర దించుకునే వీలుంటే అది ఇంకా మేలు.

పని పూర్తయ్యాక నడవడం తేలికైందో లేదో చూడటానికి మీటర్లూ పట్టికలూ అక్కర్లేదు. సాయంత్రం రద్దీలో ఇద్దరు మనుషులు పక్కపక్కన మాట్లాడుకుంటూ వంద మీటర్లు నడవాలి. ఎన్నిసార్లు ఒకరి వెనక ఒకరు కావాల్సి వచ్చిందో, ఎన్నిసార్లు రోడ్డు మీదికి దిగారో లెక్కపెట్టుకోవాలి. పాత వీధిలో ఆ మాట ఒక్క వాక్యం కూడా పూర్తవదు. కొత్త వీధిలో రెండు మూడు చోట్ల తెగితే, ఆ రెండు మూడు చోట్లకు వెళ్లి చూడాలి. చాలాసార్లు అక్కడ ఉండేది ఒకే ఒక వస్తువు: పట్టీలోకి జరపడం మరిచిపోయిన స్తంభం, లేదా షాపులోకి బండి ఎక్కించడానికి ఎవరో పోసుకున్న సిమెంటు వాలు.